ఎనభై నిమిషాల పుస్తకాలు

నా ఫోన్ గ్యాలరీలో ఒక స్క్రీన్‌షాట్ ఉంది. మార్చి 31, రాత్రి 10:40కి తీసింది. కావసాకిలో అద్దెకున్న గది అప్పటికే ఖాళీ. సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నాను. మర్నాడు పొద్దున నరిటా నుంచి బ్యాంకాక్ మీదుగా హైదరాబాదుకి విమానం. మళ్ళీ వెళ్ళే పని లేదు, ఉద్యోగం అయిపోయింది. దారిలో చదువుకోడానికి పుస్తకాలన్నీ ఫోన్లోకి దించుకున్నానని చూసుకుని, తృప్తిగా తీసిన ఫొటో అది. నేను వాడే జపనీస్ ఈ-బుక్ యాప్ సెట్టింగ్స్ పేజీ.

అందులో ఉన్నవి ఐదే వరసలు. 「ダウンロード済み 42冊」, అంటే డౌన్‌లోడ్ అయినవి 42 పుస్తకాలు. 「使用容量 2.8GB」, అవి తింటున్న చోటు. 「自動ダウンロード オン」, కొన్నవి వాటంతటవే దిగిపోతాయి. 「Wi-Fi接続時のみ オン」, వైఫై ఉంటేనే. చివరగా 「登録端末 3/5」, నా పేరు మీద ఐదు పరికరాలకి అనుమతుంటే మూడు వాడేశాను. ఎంత శుభ్రంగా ఉంది! బ్యాంకు పాస్‌బుక్ చూసుకున్నట్టుగా ఉంది.

విమానం ఎక్కాక ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పుస్తకాలు తెరిచాను. 42లో 9 తెరుచుకోలేదు. అలమారులో మాత్రం అన్నీ ఉన్నాయి. అట్టలున్నాయి, దిగినట్టు టిక్కులున్నాయి, వేలు పెడితే మర్యాదగా ఒక జపనీస్ వాక్యం వచ్చి తలుపు మూసేస్తోంది.

ఈ వ్యాసం ఆ తొమ్మిది పుస్తకాల గురించి. తొమ్మిది పుస్తకాలకేనా ఇంత గోల అంటారేమో. నా గోల పుస్తకాలు పోయినందుకు కాదు. పోయే సంగతి ఆ యాప్‌కి ముందే తెలుసు. తెలిసి కూడా నేను ప్రత్యేకంగా వెళ్ళి చూసుకున్న పేజీలోనే ఆ ముక్క చెప్పలేదు. నా గోల దాని మీద.

ముందు ఆ తొమ్మిదిటికీ ఏమైందో విడివిడిగా చెప్తాను. జబ్బు ఒకటే అయినా లక్షణాలు మూడు రకాలు.

మొదటి నాలుగూ మాంగా సంపుటాలు. జపాన్లో కొత్త సంపుటం వచ్చేముందు పాతవాటిలో మొదటి మూడు నాలుగు కొన్నాళ్ళు ఉచితంగా ఇస్తారు. 「期間限定無料」 అని ఎర్రటి పట్టీ వేసి ఉంటుంది, కొంతకాలం మాత్రమే ఉచితం అని. షాపులో నొక్కినప్పుడు ఆ పట్టీ కనిపిస్తుంది. నా అలమారులోకి వచ్చాక పట్టీ పోతుంది. డబ్బులిచ్చి కొన్న ఐదో సంపుటం పక్కన ఈ నాలుగూ అదే ఎత్తులో, అదే టిక్కుతో నిలబడతాయి. వాటి గడువు మార్చి 31, రాత్రి 11:59. జపాన్లో మార్చి అంటే ఆర్థిక సంవత్సరం ముగింపు, ప్రచారాలన్నీ అప్పుడే ముగుస్తాయి. నేను స్క్రీన్‌షాట్ తీసిన ఎనభై నిమిషాలకి ఆ నాలుగూ చచ్చిపోయాయి. కానీ శవాలు ఫోన్లోనే ఉన్నాయి. ఒక్కో సంపుటం 90 ఎం.బి. చొప్పున 360 ఎం.బి. చోటు ఆక్రమించుకుని, తెరవడానికి వీల్లేకుండా.

తరవాతి మూడూ నెల చందా మీద తెచ్చుకున్నవి. 「読み放題」 అంటారు, ఎంతైనా చదువుకో అనే పథకం. నా చందా ప్రతి నెలా ఒకటో తారీఖున తిరగబడుతుంది. ఏప్రిల్ ఒకటిన కార్డు నుంచి డబ్బులు ఠంచనుగా వెళ్ళిపోయాయి. కానీ ఆ సంగతి సర్వర్‌కి తెలుసు, నా ఫోన్‌కి తెలీదు. ఫోన్లో ఉన్న అనుమతి చీటీ మీద మార్చి 31 అని రాసి ఉంది. కొత్త చీటీ తెచ్చుకోవాలంటే నెట్ కావాలి. నేను ముప్పై వేల అడుగుల ఎత్తులో ఉన్నాను. డబ్బు కట్టిన పుస్తకం, చేతిలో ఉన్న పుస్తకం, చదవడానికి లేదు.

మిగిలిన రెండూ పూర్తి ధర పెట్టి కొన్నవి. గడువే లేనివి. మరి వాటికేమైంది? కొన్నాను, దిగాయి, కానీ ఒక్కసారి కూడా తెరవలేదు. ఈ యాప్‌లో పుస్తకం ఫైలు ఒకసారి వస్తుంది, దాని తాళంచెవి వేరేగా, మొదటిసారి తెరిచినప్పుడు వస్తుంది. దిగిన పుస్తకాన్ని ఇంట్లో వైఫై ఉన్నప్పుడు ఒక్కసారి తెరిచి మూసి ఉంటే సరిపోయేది. అలా చెయ్యాలని ఎక్కడా రాసి లేదు. టిక్కు మాత్రం పెట్టేశారు.

ఇప్పుడు జబ్బు సంగతి. మనం డౌన్‌లోడ్ అనే మాటని పాటల ఎంపీ3ల కాలంలో నేర్చుకున్నాం. దిగింది అంటే మనదైంది అని అప్పటి అర్థం. ఈ యాప్‌లలో దిగేది ఇనప్పెట్టె మాత్రమే. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు అన్నమాట. తాళంచెవి ఇంకో చిన్న ఫైలు, దాని పేరే లైసెన్స్. ఎవరి ఖాతా, ఏ పరికరం, ఎప్పటిదాకా అనే మూడు ముక్కలు దానిలో ఉంటాయి. పుస్తకం తెరిచిన ప్రతిసారీ యాప్ ముందు ఆ చీటీ చూస్తుంది, ఫోన్ గడియారం చూస్తుంది, రెండూ సరిపోతేనే పెట్టె తెరుస్తుంది. గడియారం వెనక్కి తిప్పితే? సిగ్గుపడకుండా చెప్తున్నాను, విమానంలో తిప్పి చూశాను. ఆఖరిసారి తనకి తెలిసిన సమయం యాప్ రాసి పెట్టుకుంటుంది. అంతకంటే వెనక్కి వెళ్తే, ఫోన్ సమయం సరిగ్గా లేదని చెప్పి మొత్తం అలమారుకే తాళం వేసింది. తొమ్మిది కాస్తా నలభై రెండయ్యాయి. మళ్ళీ ముందుకి తిప్పాక గానీ దిగిరాలేదు.

సెట్టింగ్స్ పేజీలోని ఐదు వరసలూ ఇప్పుడు మళ్ళీ చదవండి. ఎన్ని దిగాయి, ఎంత చోటు, ఎలా దిగాలి, వైఫైయా కాదా. అన్నీ పెట్టె గురించే. ఎక్కడా తాళంచెవి ఊసు లేదు. గడువు అసలు కనిపించదని కాదు, కనిపిస్తుంది. అలమారులో పుస్తకం మీద వేలు నొక్కి పట్టుకుని, 「作品詳細」 అనే వివరాల పేజీకి వెళ్ళి, అట్టడుగుదాకా జరిపితే 「閲覧期限」 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పుస్తకానికి మూడు పనులు. నలభై రెండు పుస్తకాలకి నూట ఇరవై ఆరు. అదీ జపాన్ సమయంలో. హైదరాబాదు మూడున్నర గంటలు వెనక కాబట్టి, అక్కడి అర్ధరాత్రి ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకే అవుతుంది. అన్నం తిని చదువుకుందాం అనుకున్న పుస్తకం, కంచం ముందు కూర్చునేలోపు మూతపడుతుంది.

జపాన్ ఈ విషయంలో ఎప్పుడూ ఇంత మొహమాటంగా లేదు. 2004 ఏప్రిల్‌లో సోనీ కంపెనీ లిబ్రియే అనే చదివే పరికరం తెచ్చింది. ఈ-ఇంక్ తెరతో బజార్లోకి వచ్చిన మొదటి రీడర్ అది, కిండిల్ కంటే మూడేళ్ళు ముందు. దానికి పుస్తకాలు టైమ్‌బుక్ టౌన్ అనే సర్వీసు నుంచి వచ్చేవి. పుస్తకం దిగిన 60 రోజులకి ఇక తెరుచుకునేది కాదు. జనం విసుక్కున్నారు, పరికరం నిలబడలేదు. ఇప్పుడు ఆ కథని ఒక మూర్ఖత్వానికి ఉదాహరణగా చెప్తుంటారు. నాకు మాత్రం ఆ సర్వీసు మీద గౌరవం కలుగుతోంది. పేరులోనే టైమ్ అని పెట్టుకున్నారు. ఇది అద్దె, అరవై రోజులు, తరవాత ఉండదు అని చెప్పే అమ్మారు. అద్దెకిచ్చే చోట అద్దె అని బోర్డు పెట్టడం కనీస నిజాయితీ. యుద్ధం తరవాత జపాన్ వీధుల్లో నిండిపోయిన 「貸本屋」లైనా, మన ఊళ్ళలో సైకిలు షాపు పక్కన వారపత్రికలూ నవలలూ అద్దెకిచ్చిన బడ్డీకొట్లైనా ఆ మాత్రం చెప్పే ఇచ్చేవి. రోజుకింత అని అట్ట లోపల పెన్సిల్‌తో రాసి ఉండేది. అట్ట తిప్పగానే కనిపించేది.

ఇప్పటి యాప్‌లో బొత్తాం మీద 「購入」 అని ఉంటుంది. కోన్యూ, అంటే కొనుగోలు. జపనీస్‌లో ఆ మాటకి వేరే అర్థం లేదు. కూరగాయలు కొన్నా ఇల్లు కొన్నా అదే మాట. కానీ జపాన్ పౌర స్మృతి 85వ నిబంధన ప్రకారం వస్తువు అంటే భౌతికంగా ఉన్నది మాత్రమే. చేత్తో తాకగలిగే దానికే యాజమాన్యం. ఫైలుకి ఆ అర్థంలో యజమాని ఉండడు. కాబట్టి ఆ బొత్తాం నొక్కి నేను తీసుకున్నది పుస్తకం కాదు, ఒక కంపెనీతో చేసుకున్న ఒప్పందం. చదువుకోనిస్తామని వాళ్ళు, పరికరాల లెక్క దాటనని నేను. సర్వీసు ఉన్నంతకాలం అనే మాట ఆ ఒప్పందంలో ఎక్కడో ఉంటుంది. వివరాల పేజీలో 「無期限」, గడువు లేదు, అని చూసి మనం మురిసిపోతాం. గడువు లేదంటే అర్థం శాశ్వతమని కాదు. గడువు తేదీ ఇంకా నిర్ణయం కాలేదని.

అది నిర్ణయమైన రోజున ఎలా ఉంటుందో జపాన్ పాఠకులు 2014 మేలో చూశారు. యమాదా డెంకి అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుల గొలుసు తన ఈ-బుక్ సర్వీసు మూసేస్తున్నానని ప్రకటించింది. మూసేశాక కొన్నవి కూడా చదవడం కుదరదంది. నెట్‌లో పెద్ద గొడవైంది. ఆ తరవాతే దిగొచ్చి, కొన్నవాళ్ళు నష్టపోకుండా ఏదో ఒకటి చేస్తానంది. ఫ్రిజ్ కొన్న షాపు మూతపడితే మన వంటింట్లో ఫ్రిజ్ ఆగిపోదు కదా. పుస్తకం కొన్న షాపు మూతపడితే పుస్తకం ఎందుకు ఆగిపోవాలి అని అప్పుడు చాలామందికి మొదటిసారి తట్టింది. ఆ గొడవకి పదేళ్ళు దాటింది. సెట్టింగ్స్ పేజీలో ఒక్క వరస పెరగలేదు.

ఇక్కడ నాతో వాదించేవాళ్ళ మాటలు నాకు తెలుసు. అందులో బలమైనది దొంగ కాపీల మాట. అది వట్టి సాకు కాదు. మాంగా మురా అనే దొంగ సైట్ వేల సంపుటాలని ఊరికే చూపించి ఎంత నష్టం చేసిందంటే, 2018 ఏప్రిల్లో అది మూతపడేదాకా జపాన్ ప్రభుత్వమే జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. దాన్ని నడిపినతనికి 2021లో ఫుకువోకా కోర్టు మూడేళ్ళ జైలు వేసింది. బొమ్మ గీసి బతికేవాళ్ళ కష్టం అది. తాళం తీసెయ్యమని నేను అనడం లేదు. ఓరైలీ జపాన్ లాంటి సాంకేతిక పుస్తకాల ప్రచురణకర్తలు తాళం లేని ఫైళ్ళే అమ్ముతారు, వాళ్ళకి అది కుదిరింది. మాంగాకి కుదరదంటే ఒప్పుకుంటాను. కానీ తాళం వెయ్యడం వేరు, తాళం ఎప్పుడు పడుతుందో దాచడం వేరు. గడువు తేదీ నాకు చూపిస్తే ఏ దొంగ బాగుపడతాడు? దొంగ కాపీలో గడువులే ఉండవు. ఆ తేదీ అక్కరుండేది డబ్బు కట్టినవాడికే.

రెండో మాట, ఇవన్నీ అందరికీ తెలిసినవే కదా అని. షరతుల్లో ఉంది, చదువుకోవాల్సింది. ఈ మాట అనేవాళ్ళని ఒకటే అడుగుతాను. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, యాప్‌ని బలవంతంగా ఆపి, మళ్ళీ తెరిచి, ప్రతి పుస్తకాన్నీ ఆఖరి పేజీదాకా తిప్పి చూశారా ఎప్పుడైనా? మీ పుస్తకాలు నిజంగా ఫోన్లో ఉన్నాయా లేదా తెలుసుకోడానికి నాకు తెలిసిన నమ్మకమైన పరీక్ష అదొక్కటే. ఆఖరి పేజీ ఎందుకంటే, కొన్ని యాప్‌లు చదువుతుంటే వెనకాల మిగతా పేజీలు తెచ్చుకుంటూ ఉంటాయి. మొదటి ఇరవై పేజీలు ఉంటే పుస్తకమంతా ఉన్నట్టే అనిపిస్తుంది. ఇంత పరీక్ష పాఠకుడు పెట్టుకోవాల్సి వస్తోందంటే, యాప్ పెట్టిన టిక్కుకి అర్థమేంటి?

ఇక హైదరాబాదు వచ్చాక జరిగింది. ఇక్కడ స్టోరేజీ విషయం తోడైంది. ఫోన్ నిండిపోయిందని మొత్తుకుంటుంటే మా తమ్ముడు చూసి, "అక్కా, ఈ జపాన్ యాప్ ఒక్కటే దగ్గర దగ్గర మూడు జీబీ తింటోంది. తీసేసి మళ్ళీ వేసుకో, క్లీన్ అయిపోద్ది" అన్నాడు. వాడి వేలు అప్పటికే అన్‌ఇన్‌స్టాల్ మీద ఉంది. ఫోన్ లాక్కున్నాను.

ఎందుకంటే ఆ పని కావసాకిలో ఒకసారి చేశాను. 「登録端末 3/5」 అన్న వరస గుర్తుందా? నాకున్నవి రెండే పరికరాలు, ఒక ఫోను, ఒక టాబ్లెట్. మూడోది ఎక్కడిది? అదీ ఈ ఫోనే. యాప్ మన ఫోన్ని గుర్తుపట్టడానికి తనకోసం ఒక నంబరు తయారుచేసుకుని, తన గదిలోనే దాచుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ ఇంకెవరూ చూడలేని సొంత గది ఉంటుంది. దిగిన పుస్తకాలూ అనుమతి చీటీలూ అందులోనే ఉంటాయి. యాప్ తీసేస్తే గదంతా కూలిపోతుంది, నంబరుతో సహా. మళ్ళీ వేసుకుంటే కొత్త నంబరు. సర్వర్ దృష్టిలో నేను కొత్త ఫోన్ కొన్నాను. పాతది ఎవరి దగ్గరో ఇంకా ఉంది. పాతదాన్ని లెక్కలోంచి తీసెయ్యాలంటే వెబ్‌సైట్లోకి వెళ్ళి తీసెయ్యాలి, యాప్‌లో ఆ వీలు లేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. జపాన్ నుంచి తిరిగొచ్చేవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. వచ్చిన వారంలోనే నేను ప్లేస్టోర్ దేశాన్ని ఇండియాకి మార్చుకున్నాను. ఇక్కడి బ్యాంకు కార్డుతో, ఇక్కడి లెక్కలతో బతకాలి కదా. ఆ జపాన్ యాప్ ఇండియా ప్లేస్టోర్లో లేదు. ఫోన్లో ఉన్నది ఉన్నట్టు పనిచేస్తుంది. తీసేస్తే మళ్ళీ వేసుకునే దారి లేదు. ప్లేస్టోర్ దేశం ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు. మా తమ్ముడి వేలు ఇంకో సెకను ఆగకపోతే, డబ్బు పెట్టి కొన్న పుస్తకాలు కనీసం ఏడాదిపాటు ఈ ఫోన్లో చదవలేకపోయేదాన్ని. చోటు కావాలంటే చెయ్యాల్సింది యాప్ తియ్యడం కాదు. యాప్ లోపలికి వెళ్ళి, పుస్తకం మీద 「端末から削除」 నొక్కాలి, అంటే ఈ పరికరం నుంచి మాత్రమే తీసెయ్యడం. అప్పుడు పెట్టె పోతుంది, ఖాతాలో హక్కు ఉంటుంది. దాని కిందే ఇంచుమించు అలాగే కనిపించే ఇంకో బొత్తాం ఉంటుంది, 「本棚から削除」 అని. అది అలమారు నుంచే తీసేస్తుంది. రెండిటికీ ఒకటే రంగు. ముందు తియ్యాల్సినవి ఆ నాలుగు ఉచిత మాంగాలే. తెరుచుకోని 360 ఎం.బి. ఊరికే పడి ఉంది. గడువు అయిపోయినవాటిని యాప్ తానే తీసెయ్యొచ్చు. తియ్యదు. తలుపు మూసేస్తుంది గానీ చెత్త ఊడవదు.

ఇంతవరకూ చెప్పింది కోపం. ఇక చెప్పేది బాధ.

చందా మీద తెచ్చుకున్న మూడిట్లో ఒకటి నత్సుమె సోసెకి రాసిన 'కొకోరో'. 1914 నాటి నవల. జపనీస్ నేర్చుకుంటూ రెండేళ్ళు ఆ ఒక్క పుస్తకాన్నే నమిలాను. అర్థం కాని చోటల్లా మెమో పెట్టుకున్నాను. ఈ వాక్యంలో కర్త ఎవరు, ఈ మాటకి తెలుగులో ఏమనాలి, ఇక్కడ ఆయన ఎందుకు మాట్లాడకుండా ఊరుకున్నాడు, ఇలాంటివి. 214 మెమోలు. సగం తెలుగులో, సగం తప్పుల జపనీస్‌లో. శంషాబాద్‌లో దిగి నెట్ రాగానే, చందా పుస్తకాల్లో రెండు తెరుచుకున్నాయి. కొకోరో మీద 「配信終了」 అని వచ్చింది. ఆ ప్రచురణ మార్చి 31తో పథకంలోంచి తప్పుకుంది. నా చందా బతికే ఉంది, పుస్తకం వెళ్ళిపోయింది, మెమోలు దాని వెంట వెళ్ళాయి.

కస్టమర్ సర్వీసుకి రాశాను. రెండు రోజుల్లో చాలా మర్యాదగా జవాబొచ్చింది. మెమోలు ఆ పుస్తకం చదివే తెరలో మాత్రమే కనిపిస్తాయట. పుస్తకం తెరుచుకోకపోతే వాటిని చూసే వీలు లేదట. అదే ప్రచురణని ఇప్పుడు విడిగా కొంటే? కొనుగోలు ప్రతి వేరే సరుకు కిందికి వస్తుంది కాబట్టి మెమోలు దానిలోకి రావట. క్షమించమని మూడుసార్లు రాశారు.

విచిత్రం ఏంటంటే, కొకోరో ఎవరి సొత్తూ కాదు. సోసెకి 1916లో చనిపోయాడు. ఆ నవలకి కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. 1997 నుంచీ స్వచ్ఛందంగా టైపు చేస్తూ వస్తున్న 'అవోజోరా బుంకో' సైట్‌లో మొత్తం నవల ఉచితంగా ఉంది. కాంజీల పక్కన ఎలా పలకాలో 《》 గుర్తుల మధ్య రాసిన మామూలు టెక్స్ట్ ఫైలు. ఒక ఎం.బి. కూడా ఉండదు. తాళం లేదు, తేదీ లేదు, పరికరాల లెక్క లేదు. అంటే ఆ గడువు మీద నేను పోగొట్టుకున్నది సోసెకి రాసింది కాదు, నేను రాసింది. దానికి లైసెన్స్ నాకెవరూ ఇవ్వలేదు. నేనే రాసుకున్నాను. నా రాతకి వాళ్ళ గడువు ఎలా వర్తిస్తుంది?

పెట్టె పగలగొట్టి తీసుకోవచ్చు కదా అని సాఫ్ట్‌వేర్ మిత్రులు సలహా ఇచ్చారు. 2012లో సవరించిన జపాన్ కాపీరైటు చట్టం ప్రకారం, సొంత వాడకానికే అయినా ఎన్‌క్రిప్షన్ తాళం తప్పించి తీసుకున్న కాపీ చట్టసమ్మతం కాదు. ఇందాక దొంగ కాపీల మీద అంత మాట్లాడాక, నేనే సుత్తి పట్టుకోను. అయినా నా డైరీ నేను తెచ్చుకోడానికి సుత్తెందుకు?

కాబట్టి నేను అడిగేవి మూడు. ఒక్కదానికీ కొత్త సాంకేతికత అక్కర్లేదు.

ఒకటి, సెట్టింగ్స్ పేజీలో 「ダウンロード済み 42冊」 కింద ఇంకో వరస. నెట్ లేకుండా ఇప్పుడు తెరుచుకునేవి 40, రేపటిలోగా ఆగిపోయేవి 7. మార్చి 31 రాత్రి 10:40కి నాకు కావాల్సిన అంకెలు ఆ రెండే. అనుమతి చీటీలు యాప్ దగ్గరే ఉన్నాయి. తేదీలు వాటిమీదే ఉన్నాయి. తెరవనివ్వకూడదని తెలుసుకోడానికి క్షణం పట్టని యాప్‌కి, తెరవనివ్వబోనని ముందే చెప్పడానికి కష్టమేంటి?

రెండు, మెమోలు బయటికి తీసుకునే బొత్తాం. పుస్తకం వాళ్ళది, సరే. మెమోలు మామూలు టెక్స్ట్‌గా, పుస్తకం బతికున్నా లేకపోయినా, నాకు రావాలి.

మూడు, షాపు మూసేసేటప్పుడు తాళంచెవి. పూర్తి ధర పెట్టి కొన్న పుస్తకాలకి, సర్వర్ ఆపేముందు, ఇక ఎవర్నీ అడగక్కర్లేని చివరి చీటీ ఒకటి ఇచ్చి వెళ్ళండి. ఈ మాట అమ్మేరోజే ఒప్పందంలో రాయండి. అలా రాయలేకపోతే బొత్తాం మీద 「購入」 తీసేసి ఇంకేదైనా పెట్టండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి నుంచి ఈ దారిలో ఒక చట్టం తెచ్చింది. అమ్మేది లైసెన్సే అయితే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా కొనుగోలు అనే మాట వాడకూడదు. ఆఫ్‌లైన్లో శాశ్వతంగా దాచుకోగల కాపీ ఇస్తే మాత్రం ఈ షరతు లేదు. నిజం చెప్పించడం వరకే ఆ చట్టం. అది కనీసం. ఆ కనీసం కూడా నా యాప్‌లో లేదు.

మొన్న ఆదివారం కూర్చుని అలమారు సర్దాను. గడువు దాటిన నాలుగింటినీ తీసేశాను. కొన్న పుస్తకాలన్నీ ఒక్కొక్కటీ తెరిచి చివరి పేజీదాకా తిప్పి, ఏరోప్లేన్ మోడ్‌లో మళ్ళీ తెరిచి చూశాను. చందా రద్దు చేశాను. తరవాత అవోజోరా నుంచి కొకోరో దించుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. మెమోలు ఇప్పుడు ఆ ఫైలులోనే, వాక్యం కిందే టైపు చేసుకుంటున్నాను. పదకొండు అయ్యాయి. ఏడో మెమో దగ్గర ఆగిపోయాను. ఆ వాక్యం గురించి రెండేళ్ళ కిందట ఏదో మంచి మాట తట్టి రాసుకున్నట్టు గుర్తు. ఏం రాశానో మాత్రం గుర్తు రావడం లేదు.